ఆదివారం జోన్ 2లో తొక్కుతున్నా మంగళవారం దాకా కాళ్లు ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 38 ఏళ్లు, బరువు 72 కిలోలు, ఉండేది తిరుపతిలో. ఎడమ క్రాంక్‌కి పవర్ మీటర్ పెట్టించుకుని ఆరు నెలలైంది. పోయిన నెల 20 నిమిషాల టెస్ట్ చేశాను. సగటు 232 వాట్లు, గుండె 174. యాప్‌లో ఎఫ్‌టీపీ 232 అని పెట్టుకుని ప్రతి ఆదివారం చంద్రగిరి మీదుగా పాకాల దాకా వెళ్ళొస్తున్నాను. మూడున్నర గంటలు పడుతుంది. సగటు 150 వాట్లు, నార్మలైజ్డ్ పవర్ అనే NP 172 వస్తోంది, యాప్ జోన్ 2 అనే చూపిస్తోంది. కానీ రెండో గంట దాటాక గుండె 160కి పోతోంది, మంగళవారం దాకా కాళ్లు పట్టేసినట్టే ఉంటున్నాయి. డిసెంబరులో గడువులోపు పూర్తి చేయాల్సిన 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం రైడ్ చేయాలని ఉంది. వారానికి నాలుగు రోజులు తొక్కగలను. తప్పు ఎక్కడుంది? టెస్ట్ ఫైలు, ఆదివారం ఫైలు రెండూ పంపుతున్నాను.

సమాధానం: తప్పు టెస్ట్ ఫైల్లోనే మొదలైంది, అదే ఆదివారం దాకా వచ్చింది. మీ 20 నిమిషాలను ఐదేసి నిమిషాల ముక్కలుగా కోసి చూస్తే మొదటి ముక్క 251 వాట్లు, రెండోది 236, మూడోది 226, చివరిది 215. సగటు 232 నిజమే. కానీ మెట్లు దిగినట్టు దిగిపోయిన ఈ వరసే అసలు సంగతి చెబుతోంది.

ఎఫ్‌టీపీ అంటే 20 నిమిషాల సగటు కాదు. బాగా అలవాటున్న వాళ్లు నలభై నిమిషాల నుంచి గంట దాకా పడిపోకుండా నిలబెట్టగలిగే పవర్ అది. 20 నిమిషాల టెస్ట్‌లో ఆక్సిజన్‌తో నడిచే ఇంజనుతో పాటు, ఆక్సిజన్ అక్కర్లేకుండా కాసేపు పనిచేసే చిన్న నిల్వ కూడా ఖర్చవుతుంది. ఆ నిల్వ తొందరగా అయిపోతుంది, గంట పనికి దానితో లాభం లేదు. దాని వాటాను తీసేయడానికే వచ్చిన సగటును 0.95తో గుణిస్తారు. ఆ 0.95 కూడా ఊరికే కుదరదు. అసలు పద్ధతిలో 20 నిమిషాలకు ముందు 5 నిమిషాలు ఒళ్లు దాచుకోకుండా తొక్కాలి. ఆ నిల్వను ముందే చాలావరకు ఖాళీ చేయడం దాని పని. మీ ఫైల్లో ఆ 5 నిమిషాలు లేవు. పది నిమిషాలు మెల్లగా తొక్కి, తాజా కాళ్లతో నేరుగా టెస్ట్‌లోకి దిగారు. ఆ నిల్వంతా మొదటి ఐదు నిమిషాల 251లోకి పోయింది.

అంచేత 232 ఎలాగూ కాదు, దాని 95 శాతమైన 220 కూడా మీకు ఎక్కువే. పదిహేనో నిమిషం తర్వాత శక్తంతా పెట్టినా 215 దగ్గరే ఆగిన మనిషి, గంటసేపు 220 నిలబెట్టలేడు. కొత్తగా టెస్ట్ చేసేదాకా యాప్‌లో 210 పెట్టుకోండి. ఇది అంచనాయే, కానీ ఫైల్లో కనిపిస్తున్నదాన్ని బట్టి వేసిన అంచనా.

ఇప్పుడు ఆదివారం ఫైలు. జోన్ 2 అంటే ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం. 232 లెక్కన అది 130 నుంచి 174 వాట్లు, 210 లెక్కన 118 నుంచి 157. మీ NP 172. పాత లెక్కలో అది 74 శాతం, కాబట్టి యాప్ జోన్ 2 అంది. సరైన లెక్కలో అది 82 శాతం. అంటే జోన్ 3, మనవాళ్లు టెంపో అనేది. మూడున్నర గంటల టెంపో రైడ్ చేసి దాన్ని తేలిక రైడ్ అనుకుంటున్నారు. యాప్ లోడ్‌గా చూపించే TSS కూడా 192 నుంచి 235కి లేస్తుంది. మంగళవారం దాకా కాళ్లు లేవకపోవడానికి ఇదే కారణం.

సగటు 150 ఉండగా NP 172 ఎలా వచ్చిందన్నది కూడా చూడాలి, ఎందుకంటే సగం జబ్బు అందులోనే ఉంది. NP లెక్క ముందు పవర్‌ను 30 సెకన్ల సగటులుగా మారుస్తుంది. ఒక్కో విలువను నాలుగో ఘాతానికి తీసుకెళ్లి, వాటి సగటు కట్టి, దానికి నాలుగో మూలం తీస్తుంది. 150 వాట్లతో తొక్కే మనిషి ఒక మిట్ట మీద 300 తొక్కితే, ఆ కాసేపు లెక్కలో రెండింతలు కాదు, పదహారింతల బరువుతో పడుతుంది. ఒంటికీ ఇంచుమించు అలాగే అనిపిస్తుంది. మీ ఫైల్లో ప్రతి ఫ్లైఓవర్ దగ్గరా, ప్రతి చిన్న ఎక్కుడు దగ్గరా 280, 300 కనిపిస్తున్నాయి, దిగుడులో సున్నా. చదునైన చోట్ల మీరు చక్కగా 140 దగ్గరే ఉన్నారు. రైడ్‌ను టెంపో చేసినవి ఆ మిట్టలే.

గుండె లెక్క కూడా ఇదే మాట చెబుతోంది. ఎఫ్‌టీపీ హద్దు దగ్గర మీ గుండె వేగం 172 అనుకుందాం (టెస్ట్ సగటు కంటే కొంచెం తక్కువే ఉంటుంది). జోన్ 2కి పై గీత అందులో 83 శాతం, అంటే 143. మీరు మొదటి సగంలోనే 146 దగ్గర ఉన్నారు. రెండో సగంలో 160.

టెస్ట్ మళ్లీ ఎలా చేయాలి

ముందు రోజు విశ్రాంతి, లేదంటే 45 నిమిషాలు బాగా మెల్లగా. పొద్దున్నే, చీకటి విడిపోతుండగానే మొదలుపెట్టండి. ఏడున్నర దాటితే మన ఊళ్లో ఎండకే పది వాట్లు పోతాయి. సైకిల్‌ను ఇంట్లోంచి తెచ్చి పదిహేను నిమిషాలు బయటే ఉంచి, ఆ తర్వాతే మీటర్‌ను జీరో చేయండి. లోహం ఉష్ణోగ్రత మారితే మీటర్లోని కొలత గేజ్ సున్నా కూడా జరుగుతుంది, ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే జీరో చేస్తే ఆ టెస్ట్ మొత్తం తప్పు సున్నా మీద నడుస్తుంది. పెడల్ మీద కాలు ఉండకూడదు, క్రాంక్ ఏ స్థితిలో ఉండాలో మీటర్‌తో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

చోటు కోసం ఘాట్ రోడ్డు వైపు చూడకండి. అలిపిరి నుంచి ఎక్కే దారిలో బస్సుల వరస, మలుపులు. భాకరాపేట ఘాట్‌లోనూ మలుపు మలుపుకీ పవర్ విరుగుతుంది. పైగా ఎక్కుడులో చాలామందికి చదునైన చోటు కంటే కొన్ని వాట్లు ఎక్కువ వస్తాయి. మీ వారం రైడ్లన్నీ మామూలు రోడ్డు మీద కాబట్టి కొలత కూడా అక్కడే కావాలి. సిగ్నలు, యూటర్న్, స్పీడ్ బ్రేకర్లు లేకుండా 10 నుంచి 12 కిలోమీటర్లు ఒకే సాగుగా దొరికే చోటు చూసుకోండి. ఎడమ అంచు శుభ్రంగా ఉందో లేదో ముందు రోజు బండి మీద వెళ్లి చూసి రండి. తల వంచి తొక్కేటప్పుడు గుంత కనిపించదు.

వరస ఇది. 20 నిమిషాలు మెల్లగా తొక్కండి, అందులో చివర్లో మూడుసార్లు ఒక్కో నిమిషం కాళ్లు వేగంగా తిప్పండి, మధ్యలో ఒక్కో నిమిషం తేలిక. తర్వాత 5 నిమిషాలు తేలిక. ఆపైన 5 నిమిషాలు పూర్తి శక్తి, మీకు 255 నుంచి 265 మధ్య రావచ్చు. తర్వాత 10 నిమిషాలు తేలిక. అప్పుడు ల్యాప్ బటన్ నొక్కి 20 నిమిషాలు మొదలుపెట్టండి. స్క్రీన్ మీద మూడే ఉంచండి: 10 సెకన్ల పవర్, ల్యాప్ సగటు, ల్యాప్ సమయం.

మొదటి ఐదు నిమిషాలు 218 దాటకండి. అప్పుడు ఇంత తేలికా అనిపిస్తుంది, అలా అనిపించడమే సరైనది. పదో నిమిషం దాకా అదే పట్టు. పదిహేను దాటాక మిగిలింది పెట్టండి. ఈసారి చివరి ముక్క మొదటి ముక్క కంటే తక్కువ కాకపోతే టెస్ట్ కుదిరినట్టు. వచ్చిన సగటును 0.95తో గుణించండి. 221 వస్తే 210. మొదటి, చివరి ముక్కల మధ్య 15 వాట్ల కంటే ఎక్కువ పడిపోతే ఆ సంఖ్య యాప్‌లో పెట్టకండి, వారం ఆగి మళ్లీ చేయండి.

ఈ 0.95 అందరికీ ఒకటే కాదు. కాసేపు గట్టిగా లాగగలిగే కండబలం ఉన్నవాళ్లకు 0.90 దాకా దిగుతుంది. మీరు మిట్టల మీద 300 అలవోకగా కొడుతున్నారు కాబట్టి దీన్ని సరిచూసుకోవడం మంచిది. టెస్ట్ అయిన నాలుగైదు రోజులకు, వచ్చిన ఎఫ్‌టీపీ దగ్గరే 30 నుంచి 35 నిమిషాలు తొక్కి చూడండి. ఊపిరి కష్టంగా ఉన్నా ఒక లయలో ఉంటే సంఖ్య నిజం. పదిహేను నిమిషాలకే ఊపిరి అదుపు తప్పి, గుండె ఆగకుండా ఎక్కుతూ పోతే 5 నుంచి 10 వాట్లు తగ్గించండి.

ఎడమ క్రాంక్ మీటర్ ఎడమ కాలి పవర్‌ను కొలిచి రెండింతలు చేస్తుంది. మీ ఎడమ కాలు 48 శాతమే పనిచేస్తుంటే మొత్తం 4 శాతం తక్కువ చూపిస్తుంది. టెస్టూ రైడూ అదే మీటర్‌తో చేసినంతకాలం దీనివల్ల నష్టం లేదు, జోన్లు దానికి తగ్గట్టే పడతాయి. కానీ స్నేహితుడి ట్రైనర్ మీద వచ్చిన సంఖ్యను ఇక్కడ పెట్టకండి. ఇంకొకటి, సైకిల్ కంప్యూటర్ సెట్టింగ్స్‌లో పవర్ సగటుకు సున్నాలు కలిపేలా ఉందో లేదో చూడండి. కాలు తిప్పని సెకన్లను వదిలేస్తే సగటు ఉబ్బిపోతుంది.

ఆదివారం

దారి మార్చక్కర్లేదు, తొక్కే తీరు మారాలి. పాకాల వైపు వెళ్లేటప్పుడు నేల మెల్లగా ఎత్తు పెరుగుతూ పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు దిగుతుంది. వెళ్లేటప్పుడు వేగం చూస్తే మనసు ఒప్పుకోదు, అందుకే స్క్రీన్ మీంచి వేగాన్ని తీసేయండి. 30 సెకన్ల పవర్, ల్యాప్ NP, గుండె ఉంచండి.

మొదటి నెల జోన్ 2 పైఅంచుకు పోవద్దు. 157 దగ్గర ఒంట్లో గోడేమీ లేదు, ఆ శాతాలు చాలామంది మీద పనికొచ్చే సగటు గీతలు మాత్రమే. పునాది ఇంకా తయారుకాని వాళ్లకు తేలిక పని అనేది ఆ గీతకు కిందే అయిపోతుంది. 126 నుంచి 143 మధ్య తొక్కండి. పక్కన ఎవరైనా ఉంటే మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగకుండా రెండు పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి.

మిట్ట వస్తే హద్దు 175. అంతకు మించి లేవకూడదు, సీటు మీంచి లేచి తొక్కకూడదు. మిట్ట మొదలవ్వకముందే రెండు గేర్లు తేలిక చేయండి, ఎక్కాక మారుద్దామనుకుంటే అప్పటికే 250 వచ్చేసి ఉంటుంది. తేలిక గేరులో కూడా కాళ్లు నిమిషానికి 65 కంటే తక్కువ తిరుగుతూ 175 దాటుతుంటే అది మీ బలహీనత కాదు, గేర్ల లోటు. వెనక క్యాసెట్‌లో పెద్ద పన్ను 28 అయితే 32 లేదా 34 వేయించుకోండి. డిరైల్యూర్ అంత పెద్దదాన్ని పట్టుకుంటుందా అని మెకానిక్‌ని ముందే అడగండి. దిగుడులో కాళ్లు ఆపేయకుండా 80, 100 వాట్లతో తిప్పుతూ ఉండండి. ఇలా చేస్తే NP, సగటుల మధ్య తేడా 22 వాట్ల నుంచి 8, 10కి దిగుతుంది.

గుంపుతో వెళితే ఇది సాగదు. వెనక ఉన్నప్పుడు 100, ముందుకొచ్చినప్పుడు 230, ఎవరైనా లాగితే 350. నెలకు ఒక ఆదివారం వాళ్లతో వెళ్లండి, దాన్ని కఠినమైన రోజుగానే లెక్కేయండి. మిగతావి ఒంటరిగా, లేదా ఇదే లెక్క పాటించే ఒక్కరితో.

ఎండాకాలంలో పవర్ ఒక్కటే నమ్మకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అవే వాట్లకు గుండె 8, 10 ఎక్కువ కొడుతుంది, ఎందుకంటే కొంత రక్తం చర్మాన్ని చల్లబరచడానికి మళ్లుతుంది. మొదటి గంటలోనే గుండె 143 దాటితే 10 వాట్లు తగ్గించండి. ఐదు గంటలకల్లా బయల్దేరి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేలా చూసుకోండి.

తిండి తక్కువైనా గుండె ఎక్కుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, అది చూసి జోన్లు తప్పేమో అనుకుంటాం. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు లేదా రెండు అరటిపళ్లు తినండి. దారిలో గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పోవాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ కలిపి గంటకు ఒకటి తాగి, దానికి తోడు ఒక అరటిపండు తింటే సరిపోతుంది. ఆకలేసేదాకా ఆగకుండా మొదటి అరగంటకే మొదలుపెట్టండి.

మిగిలిన మూడు రోజులు

వీటి గురించి చెప్పేది తక్కువే. మంగళవారం ఒక్కటే కఠినమైన రోజు: 15 నిమిషాలు వేడెక్కాక 190 నుంచి 200 వాట్ల దగ్గర మూడుసార్లు పదేసి నిమిషాలు, మధ్యలో ఐదేసి నిమిషాలు తేలిక. రెండో వారం పన్నెండేసి నిమిషాలు, మూడో వారం రెండుసార్లు ఇరవయ్యేసి. 210 పైకి తీసుకెళ్లకండి, ఇక్కడ పోగు చేయాల్సింది హద్దు కిందే గడిపే నిమిషాలు. గురువారం 75 నిమిషాలు, శనివారం 90 నిమిషాలు 120 నుంచి 135 దగ్గర. శనివారం కాళ్లు తేలిగ్గా ఉన్నాయని లాగితే ఆ ఖర్చు ఆదివారం మీద పడుతుంది.

ఆదివారం నిడివి మొదటి వారం మూడున్నర గంటలు, రెండో వారం 3 గంటల 50 నిమిషాలు, మూడో వారం నాలుగుంబావు, నాలుగో వారం రెండు గంటల ముప్పావే. ఆ నాలుగో వారం మంగళవారం రైడ్ కూడా తేలికే. ఒక వారంలో నిడివి, వాట్లు రెండూ పెంచకండి. మంగళవారం వేడెక్కాక 190 పట్టడానికే కాళ్లు మొరాయిస్తే, పట్టుబట్టి పూర్తి చేయకుండా 130 దగ్గర 50 నిమిషాలు తొక్కి ఇంటికి రండి.

కుదురుతోందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రతి ఆదివారం ఫైల్‌ను రెండు సగాలు చేసి ఈ లెక్క వేయండి.

```
సామర్థ్యం = సగటు వాట్లు ÷ సగటు గుండె వేగం
జారుడు % = (మొదటి సగం − రెండో సగం) ÷ మొదటి సగం × 100
```

మీ పాత ఫైల్లో మొదటి సగం 152 ÷ 146 = 1.041, రెండో సగం 148 ÷ 160 = 0.925. జారుడు 11 శాతం. అవే వాట్లకు ఒళ్లు రానురాను ఎక్కువ వెల కడుతోందన్నమాట. ఐదు శాతం లోపుకు వస్తే ఆ నిడివికి ఆ పవర్ మీకు తేలిక పని అయినట్టే. అప్పుడు ముందు నిడివి పెంచండి, నాలుగుంబావు గంటలకు కూడా ఐదు లోపే ఉంటే అప్పుడు 5 వాట్లు. ఎండ ముదిరిన రోజు, నీళ్లు అయిపోయిన రోజు వచ్చిన శాతాన్ని పక్కన పెట్టండి, ఒకే వేళకు బయల్దేరిన రైడ్లనే పోల్చండి. టీ కొట్టు దగ్గర ఎక్కువసేపు ఆగినా గుండె దిగి లెక్క అందంగా వస్తుంది, దాన్నీ నమ్మకండి. టెస్ట్ ఎనిమిది వారాలకోసారి చాలు, అదే రోడ్డు, అదే వేళ.

బీఆర్‌ఎంకు ఇవే సంఖ్యలు. 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. గంటకు 22 చొప్పున తొక్కినా 9 గంటల పైచిలుకు పడుతుంది, ఆగడానికి నాలుగు గంటలు మిగులుతాయి. అప్పటికి ఎఫ్‌టీపీ 210 దగ్గరే ఉంటే 130 వాట్ల దగ్గర తొక్కండి. మొదటి కంట్రోల్ పాయింట్ దాకా ల్యాప్ NP 135 దాటనివ్వకండి. చుట్టూ అందరూ మిమ్మల్ని దాటిపోయే భాగం అదే.